P0171 కోడ్ వస్తే ఆక్సిజన్ సెన్సార్ మార్చే ముందు చూడవలసినది

పెట్రోల్ కారు స్కానర్‌లో P0171 కనిపించగానే చాలామంది ఆక్సిజన్ సెన్సార్‌ను మార్చేస్తారు. కానీ ఆ కోడ్ ఇంధనానికి గాలి ఎక్కువైందని చెబుతుందే తప్ప, సెన్సార్ చెడిపోయిందని కాదు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి ఉండాలి. పొగలో ఆక్సిజన్ మిగిలితే సాధారణ సెన్సార్ వోల్టేజీ 0.45 కంటే దిగువకు పడిపోతుంది, అప్పుడు ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ అయిన ఈసీయూ, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. వోల్టేజీ పెరిగితే ఆ సమయాన్ని తగ్గిస్తుంది. ఈ దిద్దుబాటునే స్కానర్ ఫ్యూయల్ ట్రిమ్ పేరుతో శాతంలో, పెట్రోలు పెంచితే ప్లస్‌గా, తగ్గిస్తే మైనస్‌గా చూపుతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక, బండిని న్యూట్రల్‌లో ఉంచి, ముందు ఐడిల్‌లోనూ తర్వాత 2500 ఆర్‌పీఎం వద్దా ఆ అంకెను చూడండి. గాలిని మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్‌తో కొలిచే కారులో, ఐడిల్‌లో +20 ఉన్నది 2500 వద్ద +4కు దిగితే, ఆ సెన్సార్ దాటాక ఎక్కడో గొట్టం చిట్లి, లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోందని అనుమానించాలి. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే మొత్తం గాలే తక్కువ కనుక ఆ దొంగగాలి వాటా పెద్దదవుతుంది. చవకైన రబ్బరు గొట్టం చేసిన తప్పుకు ఖరీదైన సెన్సార్ బలైపోవడం ఇలాగే జరుగుతుంది. ఆర్‌పీఎం పెంచినకొద్దీ అంకె ఇంకా పెరిగితే మాత్రం ఫ్యూయల్ పంపు ఒత్తిడిని, మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్‌కు పట్టిన మురికిని పరీక్షించాలి.