ఆకాశం చెడకుండా ఫోటోలో మొహాలకు వెలుగు తేవడం ఎలా?

కార్తీకమాసంలో ఒక సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్‌లో పెద్దమ్మను, అక్కను, అక్క కూతురిని నిలబెట్టి ఫోటో తీశాను. సూర్యుడు కొవ్వూరు వైపు దిగిపోతున్నాడు. గోదావరి మీద నారింజ రంగు పరుచుకుంది, ఒక పక్కన ఆర్చ్ బ్రిడ్జి కమానులు కనిపిస్తున్నాయి. ఫోటో చూసి అక్క అన్న మొదటి మాట: "ఆకాశం ఎంత బాగా వచ్చిందిరా! మేమే బొగ్గుల్లా ఉన్నాం."

వెలుగు వెనక నుంచి వచ్చినప్పుడు ఇలాగే జరుగుతుంది. ఫోన్ ఆ ప్రకాశవంతమైన ఆకాశాన్ని కాపాడుకోవడానికి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, మొహాలు నీడలోకి వెళ్లిపోతాయి. చాలామంది చేసే పని గ్యాలరీలోనే ఎడిట్ నొక్కి బ్రైట్‌నెస్ పెంచేయడం. మొహాలు కనిపిస్తాయి, నిజమే. కానీ ఆకాశం ఏమవుతుందో చూడండి. నారింజ రంగులో ఎరుపు పాలు అప్పటికే దాదాపు గరిష్ఠంలో ఉంటుంది, ఇంక పెరగడానికి చోటు లేదు. బ్రైట్‌నెస్ పెంచితే ఆకుపచ్చ, నీలం పాళ్లు మాత్రం పెరుగుతాయి. దాంతో నారింజ కాస్తా పసుపు అవుతుంది, ఇంకొంచెం పెంచితే తెల్లగా పాలిపోతుంది. అందుకే మొహాలకు వేరుగా, ఆకాశానికి వేరుగా సర్దుబాటు చేయాలి.

దీనికి నేను వాడేది Snapseed. ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. కొత్త వెర్షన్లలో మెనూల చోటు మారినా Selective అనే పనిముట్టు చేసే పని మాత్రం అదే.

ముందు ఆకాశం బతికి ఉందో లేదో చూడండి

ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి సూర్యుడి చుట్టూ, మబ్బుల అంచుల దగ్గర చూడండి. మబ్బుల గీతలు కనిపిస్తుంటే ఫర్వాలేదు. సూర్యబింబం ఒక్కటీ తెల్లగా ఉన్నా ఫర్వాలేదు, అది సహజమే. కానీ ఆకాశంలో సగం ఏ గీతా లేకుండా ఒకే తెల్ల మచ్చలా ఉంటే, ఆ రంగు ఫైల్‌లోనే లేదు. ఎంత తగ్గించినా అక్కడ బూడిద రంగు వస్తుంది తప్ప మబ్బులు తిరిగి రావు. అలాంటి ఫోటోలో మొహాలు సరిచేసుకుని, పైభాగం కొంచెం కత్తిరించుకోవడమే మేలు.

ఇంకో మాట. ఎడిటింగ్‌కు కూర్చునే ముందు స్క్రీన్ వెలుతురును మధ్యలో పెట్టి, కళ్లకు హాయిగా ఉండేందుకు పెట్టుకునే పసుపు రంగు మోడ్‌ను ఆపేయండి. రాత్రి లైట్లు తీసేసి పడక మీద ఎడిట్ చేస్తే చీకట్లో స్క్రీన్ దేదీప్యమానంగా ఉంటుంది, మొహాలు చాలినంత వెలిగాయనిపిస్తుంది. పొద్దున చూస్తే మళ్లీ నల్లగానే ఉంటాయి.

మొత్తం ఫోటోకు చిన్న సర్దుబాటు

Tools లో Tune Image తెరవండి. వేలితో పైకీ కిందకీ జరిపితే ఏది మార్చాలో ఎంచుకోవచ్చు, పక్కలకు జరిపితే విలువ మారుతుంది. Highlights ను -20 దగ్గరికి తగ్గించి, Shadows ను +20 దగ్గరికి పెంచండి. ఘాట్ ఫోటోకు నాకు ఇవే సరిపోయాయి. ఇక్కడే మొహాలు బాగుచేసేయాలని Shadows ను 80 దాకా లాగితే మెట్లూ, చీరలూ, చెట్లూ అన్నీ ఒకే వెలుగులోకి వచ్చి ఫోటో చప్పగా తయారవుతుంది. పక్కనే Ambiance కూడా ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. ఎక్కువైతే తలల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. టిక్ నొక్కి బయటికి రండి.

మొహం మీద పాయింట్ పెట్టడం

ఇప్పుడు Selective తెరవండి. ఒక మొహం మీద, బుగ్గ దగ్గరో నుదుటి మీదో, ఒకసారి తాకండి. అక్కడ చిన్న గుండ్రటి పాయింట్ పడుతుంది. ఎక్కడ తాకామన్నది ముఖ్యం, ఎందుకంటే ఈ పనిముట్టు ఆ పాయింట్ కింద ఉన్న రంగును, వెలుగును చూసి, తన వలయం లోపల దానిలాగే ఉన్న భాగాలను మాత్రమే ఎంచుకుంటుంది. పెద్దమ్మ బొట్టు మీద పడితే ఎరుపును వెతుకుతుంది, కళ్లజోడు మెరుపు మీద పడితే తెలుపును వెతుకుతుంది. చర్మం సాదాగా ఉన్న చోట, మరీ వెలుగూ మరీ నీడా కాని చోట పెట్టాలి. తప్పుచోట పడితే వేలితో లాగి జరపవచ్చు.

తర్వాత రెండు వేళ్లను దగ్గరకీ దూరానికీ జరపండి. వలయం చిన్నదీ పెద్దదీ అవుతుంది, పాయింట్ ప్రభావం పడే చోటంతా ఎర్రగా కనిపిస్తుంది. ఈ ఎరుపును ఓపిగ్గా చూడాలి, పని అంతా ఇక్కడే ఉంది. మొహమంతా ఎర్రబడి, చెవుల దగ్గర పలచబడి, వెనకున్న ఆకాశంలో ఎరుపు లేకుండా ఉన్నంతవరకే వలయాన్ని పెంచండి. అక్క మొహం దగ్గర నేను మొదట వలయం పెద్దది చేస్తే ఎరుపు ఆమె జుట్టు దాటి వెనకున్న బ్రిడ్జి మీదకు పాకింది. మొహం, బ్రిడ్జి రెండూ ముదురు గోధుమ రంగులో ఉన్నాయి కాబట్టి యాప్‌కు రెండూ ఒకటే అనిపించింది. వలయం కొంచెం కుదించగానే సరిపోయింది.

ఇప్పుడు వేలిని కుడివైపు జరిపితే Brightness పెరుగుతుంది. ఒకేసారి లాగకండి. +15 దగ్గర ఆగి చూడండి, తర్వాత +25, +30. కళ్లల్లో తెల్లభాగం, పెదవుల రంగు తెలిసిపోయే దగ్గర ఆపేయాలి. పెద్దమ్మకు +35 పెట్టాను, అక్కకు +28, పాపకు +20 చాలింది. పాప ఒక పక్కకు తిరిగి ఉండడంతో చెంప మీద కాస్త వెలుగు ముందే పడింది. అందరికీ ఒకే అంకె పెడితే ముగ్గురి చాయా ఒకేలా అయిపోతుంది, అది వాళ్ల ఫోటో కాదు. పెద్దమ్మది నల్లటి నిగనిగలాడే చాయ. ఆమెను తెల్లగా చేయకూడదు, నీడలోంచి బయటికి తేవాలి అంతే. మనం రోజూ చూసే మొహం కనిపించిందంటే ఆ అంకె సరైనదే.

ఇంకో పాయింట్ పెట్టడానికి కూడిక గుర్తు నొక్కి తాకాలి. ఒక విడతలో ఎనిమిది పాయింట్ల దాకా పెట్టవచ్చు. గుంపు ఫోటో అయితే టిక్ నొక్కి, Selective మళ్లీ తెరిచి మిగతా వాళ్లకు పెట్టుకోండి.

మెడను మర్చిపోవద్దు

మొహం ఒక్కటీ వెలిగి మెడ నల్లగా ఉండిపోతే పౌడరు రాసుకున్నట్టుగా ఉంటుంది. ఎడిట్ చేశారని చూసేవాళ్లకు మొదట దొరికిపోయేది ఇక్కడే. మెడ మీద ఒక చిన్న పాయింట్ పెట్టి, మొహానికి పెట్టినదాంట్లో సగం పెంచండి. చేతులు మొహానికి దగ్గరగా ఉంటే వాటికీ అంతే.

నీడలోంచి పైకి తెచ్చిన చర్మం ఒక్కోసారి బూడిద పూసినట్టు ఉంటుంది. అదే పాయింట్ మీద వేలిని పైకో కిందకో జరిపితే Contrast, Saturation, Structure వస్తాయి. Contrast ను +10, Saturation ను +8 చేస్తే చర్మానికి ప్రాణం వస్తుంది. Saturation 20 దాటితే మొహం కాషాయం రంగుకు తిరుగుతుంది, జాగ్రత్త. చీకట్లోంచి లాగిన చోట గరుకుగా చుక్కలు కనిపిస్తే Structure ను -15 దాకా తగ్గించండి. అంతకుమించితే చర్మం మైనంలా అయిపోతుంది. చుక్కలు అప్పటికీ పోకపోతే Brightness తగ్గించుకోవడమే దారి. ఫోన్ తీసిన మామూలు ఫోటోలో నీడల్లో దాగి ఉండే వివరం తక్కువ, లేనిదాన్ని ఏ పాయింటూ తేలేదు.

ఆకాశానికి కాపలా

అక్క జుట్టు పక్కన ఆకాశంలో ఇంకా కొద్దిగా వెలుగు పాకినట్టు అనిపించింది నాకు. అప్పుడు అక్కడే ఆకాశం మీద ఒక పాయింట్ పెట్టి దాని విలువలేవీ మార్చకుండా సున్నాలోనే వదిలేశాను. ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ ఇది చేసే పని పెద్దది. ఈ చోటు ఉన్నది ఉన్నట్టే ఉండాలని యాప్‌కు చెబుతుంది, పక్క పాయింట్ ప్రభావాన్ని అక్కడికి రానివ్వదు. తలకు అటొకటి ఇటొకటి ఇలా కాపలా పెడితే వెంట్రుకల చుట్టూ వెలుగు చక్రం రాదు.

రంగు ఇంకాస్త చిక్కబడాలనుకుంటే ఆకాశం మధ్యలో ఇంకో పాయింట్ పెట్టి, వలయం బాగా పెద్దది చేసి, Brightness ను -10, Saturation ను +10 చేయండి. ఇంతకు మించి నేను వెళ్లను. ఆ సాయంత్రం నేను చూసిన ఆకాశం అదే కాబట్టి.

బాగా వచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది?

టిక్ నొక్కి బయటికి వచ్చాక ఫోటో మీద వేలు నొక్కి పట్టుకుంటే పాత ఫోటో కనిపిస్తుంది, వదిలితే కొత్తది. నాలుగైదుసార్లు అలా మార్చి చూడండి. జుట్టు అంచు, భుజం అంచు దగ్గర వెలుగు గీత కనిపిస్తే వలయం పెద్దదైందన్నమాట. తర్వాత ఫోన్‌ను చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి. మొహాలు వెనకున్న ఆకాశం కంటే ఎక్కువ వెలుగుతో ఉంటే అతికించినట్టు కనిపిస్తాయి. సూర్యుడు వెనక ఉన్నప్పుడు మనిషి మొహం ఆకాశం కంటే కొంచెం తక్కువ వెలుగులోనే ఉండాలి, కంటికి అదే నమ్మకంగా ఉంటుంది.

తేడా కనిపిస్తే మొదటి నుంచి చేయనక్కర్లేదు. View edits తెరిస్తే మీరు చేసిన పనులన్నీ వరసగా ఉంటాయి. Selective మీద నొక్కి మళ్లీ లోపలికి వెళితే పాయింట్లు పెట్టినచోటే ఉంటాయి, అంకె మార్చుకోవచ్చు. నేను ఆ రాత్రి అలాగే వదిలేసి, పొద్దున టీ తాగుతూ చూసి పెద్దమ్మ అంకెను 35 నుంచి 30కి దించాను. తర్వాత అసలు ఫోటో ఉండనిచ్చి, కాపీగా సేవ్ చేశాను.

అక్కకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాను. మామూలుగా పంపితే ఫోటోను కుదించేస్తుంది, ఆకాశం లాంటి సాఫీ రంగుల్లో మెట్లు మెట్లుగా చారలు పడే ప్రమాదం ఉంది. కాసేపటికి పెద్దమ్మ దగ్గర నుంచే ఫోన్ వచ్చింది. "ఒరేయ్, నా ముక్కుపుడక కూడా కనిపిస్తోందిరా," అంది.