సంక్రాంతికి ఊరెళ్లే ముందు: రౌటర్‌కు స్మార్ట్ ప్లగ్ పెడుతున్నారా?

రౌటర్ బిగుసుకుంటే దాని వైఫై మీదే ఉన్న ప్లగ్‌కు మీ ఆదేశం అందదు. ఒకవేళ అంది ఆపినా, మళ్లీ వెలిగించడానికి నెట్ ఉండదు. ఆ తప్పు చేసి మూడు రోజులు ఇంటి కెమెరాలు లేకుండా గడిపాను. అందుకే రౌటర్‌కు సిమ్‌తో, ఎస్సెమ్మెస్‌తో పనిచేసే రిలే పెట్టండి. లేదా తెల్లవారుజామున 4 గంటలకు ఆపి, 4:01కి వెలిగించే టైమర్‌ను ప్లగ్‌లోనే ఉంచండి. కొన్ని ప్లగ్‌ల టైమర్ నెట్ లేకపోతే పనిచేయదు. వెలిగే సమయానికి ముందే ఫైబర్ తీగ పీకి పరీక్షించండి.

రిలే అయితే రౌటర్ తీగను ఎన్‌సీ కొనకు, అంటే రిలే పనిచేయనప్పుడు కరెంటు పారే కొనకు, కలపండి. అప్పుడు రిలే కాయిల్‌కు కరెంటు అందకపోయినా రౌటర్‌కు కరెంటు ఆగదు.

కరెంటు పోయి వచ్చాక ప్లగ్ ఆన్‌లోనే ఉండేలా పెట్టండి. కొన్ని ఆఫ్‌లో ఉండిపోతాయి.

కంప్యూటర్‌కైతే బయోస్‌లో Restore on AC Power Loss ను Power On చేయండి. లేకపోతే కరెంటు వచ్చినా అది లేవకపోవచ్చు.

ఆపాక 30 సెకన్లు ఆగండి, కెపాసిటర్లు ఖాళీ కావాలి. అప్‌డేట్ నడుస్తుంటే మాత్రం అసలు ఆపకండి.