డిమెన్షియా ఉన్నవాళ్ళు మాత్రలు వద్దంటే ఏం చేయాలి? అన్నంలో కలిపి పెట్టొచ్చా?

మా అమ్మకి 78 ఏళ్ళు, డిమెన్షియా మొదలై నాలుగేళ్ళు అవుతోంది. పోయిన ఏడాది ఒక రోజు పొద్దున మాత్రలు ఎంతకీ మింగకపోతే ఏడింటినీ నూరి ఉప్మాలో కలిపేశాను. రెండో ముద్దకే చేదు తగిలింది. "ఇందులో ఏం కలిపావే?" అని ప్లేటు తోసేసింది, ఆ తర్వాత రెండు రోజులు నా చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మాత్రలూ పోయాయి, తిండీ పోయింది. అందుకే చెప్తున్నాను, కలపడం అనేది ఆఖరి మెట్టు.

ముందు నోరు చూడండి. టార్చి వేసి పుండ్లు, తెల్లపూత, వదులైన కట్టుడు పళ్ళు ఉన్నాయేమో చూడాలి. నోరు ఎండిపోయి ఉంటే మాత్ర నాలుకకి అంటుకుపోతుంది, వాళ్ళు ఆ ఇబ్బంది చెప్పలేక ఉమ్మేస్తారు. మంచినీళ్ళకే పొలమారుతున్నా, తాగాక గొంతు గరగరలాడుతున్నా మింగడంలోనే తేడా ఉన్నట్టు. బలవంతంగా వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి డాక్టరుకి చూపించాలి. నిన్నటిదాకా బాగానే వేసుకున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మారిపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటిది ఉందేమో కూడా చూపించండి.

తర్వాత మాత్రలు తగ్గించమని అడగండి. స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టి, "వీటిలో నిజంగా తప్పనివి ఏవి?" అని అడిగాను. అమ్మకి కాల్షియం, విటమిన్, మరొకటి ఆపేశారు. ఏడు నాలుగయ్యాయి. మిగిలినవాటికి సిరప్, నోట్లో కరిగే మాత్ర, చర్మానికి అంటించే ప్యాచ్ ఉన్నాయేమో అప్పుడే అడగాలి. డిమెన్షియాకి వాడే రివాస్టిగ్మిన్ ప్యాచ్‌గా కూడా దొరుకుతుంది.

ఇచ్చే పద్ధతి. టీవీ ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, ముందు రెండు గుక్కల నీళ్ళు తాగించి, ఒక్కొక్క మాత్ర వాళ్ళ అరచేతిలోనే పెట్టండి. "మింగమ్మా" అని ఒక్క మాట చాలు, వివరణలు మొదలుపెడితే వాదన అవుతుంది. వద్దంటే సరేనని లేచిపోయి అరగంట తర్వాత మళ్ళీ రావాలి, ఈసారి ఇంట్లో ఇంకొకరు వస్తే ఇంకా మంచిది. అమ్మ నా దగ్గర కాదన్నది మా తమ్ముడి చేతిలోంచి చాలాసార్లు తీసుకుంది.

నూరే ముందు అడగండి. పేరు చివర SR, XR, ER, CR లాంటి అక్షరాలు ఉంటే నూరకూడదు, రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. పాంటోప్రజోల్ లాంటివి పైపూత పోతే కడుపులోని ఆమ్లానికి పాడైపోతాయి. అమ్మ షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ SR, నేను ఉప్మాలో నూరింది దాన్నే! డాక్టరు తర్వాత మామూలు మెట్‌ఫార్మిన్‌కి మార్చారు. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేయాలి, పాలల్లో కలిపితే సరిగ్గా పట్టదు. అక్షరాలు లేనంత మాత్రాన నూరొచ్చని కాదు, ఒక్కో మాత్ర గురించీ మెడికల్ షాపులో ఫార్మసిస్టుని అడగాలి.

మరి చెప్పకుండా కలపొచ్చా? "అమ్మా, ఇది బీపీ మాత్ర, మింగడానికి సులువని పెరుగులో వేశాను" అని చెప్పి పెడితే అది దాచడం కాదు. అది హాయిగా చేయొచ్చు. చెప్పకుండా పెట్టడం వేరే సంగతి. ఆమె స్థిమితంగా ఉన్న వేళ చూసి, మాత్ర దేనికో, మానేస్తే ఏమవుతుందో చిన్న మాటల్లో చెప్పండి. అది అర్థమై, తన మాటల్లో తిరిగి చెప్పగలిగి, అయినా వద్దంటే అది ఆమె నిర్ణయం. డిమెన్షియా ఉందని ఆ హక్కు పోదు, అప్పుడు దాచిపెట్టడం మోసమే.

అర్థం చేసుకునే స్థితి నిజంగా లేదు, మందు ఫిట్స్‌కో గుండెకో తప్పనిసరి, మిగతా దారులన్నీ అయిపోయాయి అంటే అప్పుడు దాచడం ఒప్పే అంటాను. అయితే అది డాక్టరూ ఇంట్లోవాళ్ళూ కలిసి తీసుకుని చీటీ మీద రాయించుకోవాల్సిన నిర్ణయం. రాసి లేకపోతే సగం సగమే లోపలికి వెళ్తోందని తెలియని డాక్టరు బీపీ తగ్గలేదని డోసు పెంచుతారు. రెండు మూడు నెలలకోసారి ఇంకా అవసరమా అని మళ్ళీ అడగాలి. గొడవ చేయకుండా పడుకోబెట్టడానికి మత్తు మందు దాచి పెట్టడం మాత్రం అసలు ఒప్పుకోను.

కలిపితే ఒకటి రెండు చెంచాల పెరుగులోనో మెత్తటి అరటిపండులోనో, అప్పటికప్పుడు కలిపి మొత్తం తినేదాకా పక్కనే ఉండండి. పూర్తి భోజనంలో కలిపితే ఎంత మందు వెళ్ళిందో తెలియదు, మిగిలింది పిల్లలు తినేస్తారు. "ఇందులో ఏమన్నా ఉందా?" అని అడిగితే ఆ చెంచా పక్కన పెట్టేయండి, అన్నం మీద అనుమానం మొదలైతే మళ్ళీ తినిపించడం చాలా కష్టం.

అమ్మ ఇప్పుడు నెలలో మూడు నాలుగు పూటలు వద్దంటుంది. ఆ పూటకి వదిలేసి నోటుబుక్కులో రాస్తాను, తర్వాతి పూట రెండు కలిపి ఇవ్వను. ఇన్సులిన్, ఫిట్స్ మందు, గుండె మందు తప్పితే మాత్రం అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి. భోజనం కూడా మానేసిన రోజైతే షుగరు మందు ఇచ్చే ముందే చేయాలి.