వేలంలో బండి కొనడం – నాలుగో పాఠం: ఫారం 35 చేతికొస్తే సరిపోదు

కిస్తీలు కట్టనందుకు బ్యాంకు స్వాధీనం చేసుకుని వేలం వేసే బండ్ల గురించి మన పాఠాలు. గత పాఠం చదివిన చాలామంది ఒకే చోట తడబడ్డారు. ‘బ్యాంకు ఫారం 35, అభ్యంతరం లేదనే పత్రం ఎన్‌ఓసీ ఇస్తుంది కదా, ఇక ఆర్‌సీ మన పేరుకు మారినట్టే’ అనుకున్నారు. కాదు. అందుకే ఇంజన్ పరీక్షను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఫారం 35 చెప్పేది ఒక్కటే: బండిమీద బ్యాంకు తాకట్టు తొలగింది. ఆర్‌సీలో యజమానిగా మాత్రం కిస్తీలు కట్టలేకపోయిన వ్యక్తి పేరే ఉంటుంది. దాన్ని మార్చడానికి దారులు రెండు. మొదటిది, యాజమాన్యం బదిలీకి వాడే ఫారం 29, 30, ఆ పాత యజమాని సంతకంతో. రుణమిచ్చేటప్పుడే తీసుకున్న సంతకాల కాగితాలు బ్యాంకు చూపిస్తుంది. కానీ పలుచోట్ల బదిలీకి పాత యజమాని ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా కావాలి. బండి పోగొట్టుకున్న మనిషి దాన్ని ఎందుకు చెబుతాడు?

రెండోది ఫారం 36. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51(5) కింద బ్యాంకే ఆర్టీఓకు దరఖాస్తు చేస్తుంది. ఆర్టీఓ పాత యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, అతని వాదన విని, పాత ఆర్‌సీ రద్దుచేసి బ్యాంకు పేరున కొత్తది ఇస్తారు. ఆ తర్వాత బ్యాంకు సంతకంతో ఫారం 29, 30 మీ పేరుకు. నాకు ఈ దారే ఇష్టం. నెలలు పట్టవచ్చు, కానీ పాత యజమాని సహకారం మీద ఆధారపడదు. వేలానికి ముందే బ్యాంకు అధికారికి ఈమెయిల్ రాయండి: ‘ఫారం 36 ఎవరు వేస్తారు? ఎన్నాళ్లలో?’ నోటిమాట జవాబును లెక్కలోకి తీసుకోకండి.

బండి దగ్గర చాసిస్ నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. చలాన్లు, పన్ను బాకీ, బ్లాక్‌లిస్టు ఆన్‌లైన్‌లో చూడండి. బీమా మీ పేరుకు మారేదాకా మీ బండికి జరిగే నష్టానికి పరిహారం రాదనే అనుకోండి.

ఇన్ని చూసినా పోని ప్రమాదాలున్నాయి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతుతో అమ్ముతారు కాబట్టి, తర్వాత గేర్‌బాక్సు పాడైందంటే బ్యాంకు వినదు. స్వాధీనం అక్రమమని పాత యజమాని కోర్టుకెక్కితే బదిలీ నిలిచిపోవచ్చు.

ధరను ఇలా కట్టండి. అదే కారు బయట 4,00,000 రూపాయలకు దొరుకుతుందనుకుందాం. టైర్లు, బ్యాటరీ 25,000, బీమా 12,000, బదిలీ ఖర్చు 8,000, చలాన్లు 5,000. మొత్తం 50,000. కనిపించని మరమ్మతుకు ఇంకో 40,000 పక్కన పెట్టండి. మీ గరిష్ఠ ధర 3,10,000. వేలం వేడిలో 3,15,000 కూడా అనకండి. గెలిచాక వెనక్కి తగ్గితే ధరావతు పోతుంది.

అభ్యాసం: మీ జిల్లాలో వేలానికి వచ్చిన మూడు బండ్లు ఎంచుకుని, యార్డుకు వెళ్లి చాసిస్ నంబర్లు రాసుకోండి. బ్యాంకుకు ఈమెయిల్ పంపి, మూడింటికీ గరిష్ఠ ధర కట్టండి. వేలంలో పాల్గొనకండి. ముగిశాక, అవి పలికిన ధరలు దొరికితే మీ లెక్కల పక్కన రాయండి.