మన పొలం మట్టి పరీక్ష – 3వ పాఠం: ఒకే మట్టికి మూడు ఈసీలు ఎందుకొచ్చాయి?

ఈ పాఠంలో సేంద్రియ కర్బనం పూర్తిగా చెప్పుకోవాలని అనుకున్నాం. అది సగమే కుదిరింది. రెండో పాఠం చదివి నమూనాలు తీసినవాళ్లు పంపిన లెక్కలు చూశాక, మట్టి నుంచి నీళ్లలోకి దిగిన ఉప్పును చూపే విద్యుత్ వాహకత, అంటే ఈసీ సంగతి ముందు తేల్చకుండా ముందుకు పోవడం కుదరదని తేలిపోయింది. పీహెచ్ దాదాపు అందరికీ సరిగ్గానే వచ్చింది కాబట్టి దాని జోలికి ఇక పోను. మీటరును 7.0, 9.2 బఫర్లతో సరిచూసుకోవడం, ఎలక్ట్రోడ్ కడగడం మళ్లీ రాయను.

ఉప్పు పెచ్చును ఎందుకు గీకేశారు?

గుంత తీసేముందు పైనున్న చెత్త తీసేయమని రాశాను. చౌడు మచ్చలున్న పొలాల్లో కొందరు చెత్తతో పాటు తెల్లటి పెచ్చును కూడా పారతో గీకి పారేశారు. ఇంకొందరు గుంత తవ్వే శ్రమ ఎందుకని పైపైన రెండంగుళాల మట్టి గీరి సంచిలో వేసుకున్నారు. పీహెచ్‌కి ఇది పెద్ద తేడా తేదు, ఈసీకి మాత్రం కొంప ముంచుతుంది.

ఎండాకాలంలో నేలలోని తేమ పైకి ఎక్కి ఆవిరైపోతుంది, అది మోసుకొచ్చిన ఉప్పు పైనే మిగిలిపోతుంది. అందుకని ఒక మచ్చలో పై 2 సెంటీమీటర్ల పెచ్చు ఈసీ 10, దాని కింద 13 సెంటీమీటర్ల మట్టి ఈసీ 0.6 ఉందనుకోండి. పెచ్చు గీకేసినవారికి 0.6 వస్తుంది, నేల బాగుందనుకుంటారు. 5 సెంటీమీటర్లే తీసినవారికి సుమారు 4.4 వస్తుంది, పొలం పోయిందనుకుంటారు. పెచ్చుతో సహా 15 సెంటీమీటర్లు సమానంగా తీసినవారికి 1.85 వస్తుంది. ముగ్గురూ నిలబడింది ఒకే మచ్చ మీద, ముగ్గురి మీటర్లూ సరైనవే.

తీసేయాల్సింది ఆకులు, గడ్డి, కొయ్యకాళ్లు మాత్రమే. పెచ్చు నేలలో భాగం. గుంతను V ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, మట్టంతా బయటపడేసి, ఒక పక్క గోడ నుంచి రెండు సెంటీమీటర్ల మందాన పై నుంచి కింది దాకా ఒకే మందంతో పలక తీయాలి. పైన మందంగా, కింద పలచగా వస్తే పై మట్టి ఎక్కువ చేరి ఈసీ పెరుగుతుంది. చౌడు మచ్చను మంచి నేలతో కలపకండి. మచ్చ నుంచి ఒక నమూనా, మచ్చ లేని చోట నుంచి ఒక నమూనా, రెండు సంచులు. ఇక నా మాట అడిగితే, మచ్చలో పెచ్చు, దాని కింద 15 సెంటీమీటర్ల దాకా, ఆ కింద 15 నుంచి 30 దాకా మూడు సంచులు విడిగా కట్టడమే మేలు. ఉప్పు పైన మాత్రమే ఉందా, లోపల కూడా ఉందా అనేది అప్పుడే తెలుస్తుంది.

నీళ్లు కట్టిన రెండు రోజులకు తీసిన నమూనాను ఏప్రిల్‌లో తీసిన దానితో పోల్చకండి. ఉప్పు కిందికి దిగి ఉంటుంది.

ఒకటికి రెండున్నర అంటే రెండున్నరే

ఇక నన్ను విసిగించే సంగతి. "మా నేల ఈసీ 1.1" అంటే అందులో సమాచారం సగమే. ఎంత మట్టికి ఎంత నీళ్లు పోశారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఈసీ కొలిచేది మట్టిని కాదు, మట్టి నుంచి నీళ్లలోకి దిగిన ఉప్పును. నీళ్లు పెంచితే అదే ఉప్పు పలచబడుతుంది.

మన భూసార పరీక్షా కేంద్రాల్లో సాధారణంగా వాడేది 1:2.5. అంటే 20 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల నీళ్లు. ఈ నిష్పత్తికి 1 లోపు సాధారణం, 1 నుంచి 2 మధ్య మొలకకు ఇబ్బంది అని చీటీలో రాస్తారు. కొన్ని కిట్లతో వచ్చే కాగితంలో 1:5 ఉంటుంది. విదేశీ పట్టికల్లో "4 దాటితే చౌడు" అని కనిపిస్తుంది. అది సంతృప్త సారం, అంటే మట్టి ముద్దయ్యేంత వరకే నీళ్లు పోసి, ఆ ముద్ద నుంచి పిండిన నీటి ఈసీ. మూడూ మూడు వేరువేరు కొలబద్దలు. ఒకదానితో కొలిచి ఇంకోదాని పట్టికలో చూసుకున్నవాళ్లే ఈసారి ఎక్కువ.

ఒక లెక్క చూద్దాం. బాపట్ల పక్క నల్లరేగడి, 1:2.5లో 1.1 డెసీసైమన్లు వచ్చింది. అదే మట్టికి 1:5లో దాదాపు 0.55 వస్తుంది. ఈ 0.55ను 1:2.5 పట్టికలో చూస్తే "సాధారణం". 1.1ను "4 దాటితే చౌడు" పట్టికలో చూసినా "సాధారణం". కానీ మొక్క వేరు చుట్టూ ఉండే నీళ్లకు దగ్గరగా ఉండేది సంతృప్త సారం. దాన్ని ఉజ్జాయింపుగా ఇలా రాబట్టవచ్చు:

```
ECe = EC(1:2.5) × 250 ÷ SP
```

SP అంటే వంద గ్రాముల ఎండు మట్టిని ముద్ద చేయడానికి పట్టే నీళ్లు, మిల్లీలీటర్లలో. ఇంట్లోనే చూసుకోవచ్చు. జల్లించిన మట్టి 100 గ్రాములు తీసుకుని కొలగిన్నెతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కలపాలి. పైభాగం తళతళలాడి, గిన్నె వంచితే ముద్ద నెమ్మదిగా జారి, గరిటెకు అంటుకోకుండా జారిపోవాలి. పైన నీళ్లు నిలిస్తే ఎక్కువైనట్టు. నల్లరేగడిని రాత్రంతా వదిలి పొద్దున మళ్లీ చూడండి, అది నీళ్లు తాగి గట్టిపడి ఉంటుంది.

మన మట్టికి 60 వచ్చిందనుకుందాం. 1.1ని 250తో గుణించి 60తో భాగిస్తే సుమారు 4.6. వరి 3 దాకా తట్టుకుంటుంది, ఆ పైన ఒక్కో డెసీసైమన్‌కు దిగుబడి దాదాపు 12 శాతం తగ్గుతుంది. అంటే ఇక్కడ వరిలో 19 శాతం దాకా పోవచ్చు. పత్తికి 7.7 దాకా భయం లేదు. ఇప్పుడు అదే 1.1 తీరం దగ్గరి ఇసుక నేలలో వచ్చిందనుకోండి. ఇసుక SP 30 ఉంటే సంతృప్త సారం 9.2 అవుతుంది, పత్తి కూడా తట్టుకోదు. మీటరు మీద ఒకే అంకె, వేరు చుట్టూ ఉండే నీళ్లలో మాత్రం రెట్టింపు ఉప్పు. ఇసుక నేలవాళ్లు 1:2.5లో 0.5 దాటగానే కళ్లు తెరవాలని నా అభిప్రాయం.

ఈ గుణింపు జిప్సం వేసిన నేలల్లో పనికిరాదు. జిప్సం నీళ్లలో కొంచెమే కరుగుతుంది. నీళ్లు ఎక్కువ పోసినకొద్దీ ఇంకొంచెం కరుగుతూ ఉంటుంది, కాబట్టి పలచబడదు. శుద్ధ జిప్సం నీళ్లలో నిండా కరిగితేనే దాదాపు 2.2 చూపిస్తుంది. మొన్న చౌడు బాగుచేతకు జిప్సం చల్లి ఇవాళ 2 వచ్చిందని భయపడకండి.

నిష్పత్తి ఎక్కడ చెడుతుందంటే, తడి మట్టి దగ్గర. తడి నల్లరేగడి 20 గ్రాముల్లో 4 గ్రాములు నీళ్లే అనుకోండి. మిగిలిన 16 గ్రాముల మట్టికి 54 మిల్లీలీటర్లయ్యాయి, అంటే 1:3.4. ఈసీ నాలుగోవంతుకు పైగా తక్కువ చూపిస్తుంది. అందుకే నీడలో పూర్తిగా ఆరబెట్టి, చెక్క రోకలితో నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాకే తూచాలి. ఎండలో, పొయ్యి మీద వద్దు. చెంచాలతో కొలిచేవారికి నా దగ్గర సలహా లేదు; వంద గ్రాముల దాకా తూచే బంగారం త్రాసు కొనండి.

నీళ్లు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ముందు ఖాళీ నీళ్లలో మీటరు ముంచి చూడండి, 20 µS/cm లోపు ఉండాలి. చాలా పెన్ మీటర్లు ppm చూపిస్తాయి, µS/cmలోని ఈసీని ppmగా మార్చే గుణకం ఒక మీటరులో 0.5, మరోదానిలో 0.7. బటన్ నొక్కి µS/cmకి మార్చుకోండి. 1000 µS/cm అంటే ఒక డెసీసైమన్.

మిశ్రమాన్ని అరగంట పాటు మధ్యమధ్య గాజు కడ్డీతో కలిపి, రాత్రంతా వదిలేసి, పైన తేరిన నీళ్లలోనే ఈసీ చూడండి. కొందరు పీహెచ్ ఎలక్ట్రోడ్‌ను పావుగంట అందులోనే వదిలేశారు. దాని లోపలి పొటాషియం క్లోరైడ్ కొద్దికొద్దిగా కారుతుంది, ఉప్పు తక్కువున్న నేలల్లో ఆ కాస్తా కనిపిస్తుంది. నేనైతే తేరిన నీళ్లు కొంచెం వేరు గిన్నెలోకి వంచి ఈసీ చూసి, తర్వాతే అసలు గిన్నె కలిపి పీహెచ్ చూస్తాను.

సేంద్రియ కర్బనం, చీటీ చదవడం వరకే

వాక్లీ–బ్లాక్ పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, డైక్రోమేట్ కావాలి. వంటింట్లో చేసే పని కాదు, పరీక్షా కేంద్రానికే పంపండి. మీ చేతిలో ఉన్నది నమూనా. ఎప్పుడూ పై 15 సెంటీమీటర్లే; లోతు మట్టి కలిస్తే కర్బనం తగ్గి కనిపిస్తుంది. వేర్లు, గడ్డి ఏరేయాలి. అక్కడ మట్టిని మళ్లీ సన్నగా నూరి 0.5 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. తీసుకున్నదంతా దిగేదాకా నూరాలి, పైన మిగిలింది పారేస్తే లెక్క తప్పుతుంది.

ఒక గ్రాము మట్టికి 10 మిల్లీలీటర్ల ఒక నార్మల్ డైక్రోమేట్, 20 మిల్లీలీటర్ల ఆమ్లం, అరగంట. మిగిలిన డైక్రోమేట్‌ను అర నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తారు.

```
OC% = 10 × (B − S) ÷ B × 0.003 × 100 ÷ W
```

B మట్టి లేని ఖాళీ రీడింగు, S మీ మట్టి రీడింగు, W గ్రాములు. B 20, S 16.5, W 1 అయితే 0.525 శాతం. 0.5 లోపు తక్కువ, 0.75 దాకా మధ్యస్థం. ఫెర్రస్ ద్రావణం గాలికి బలం తగ్గుతుంది కాబట్టి B ఏ రోజుకారోజు చూడాలి. S 4 కంటే తగ్గితే డైక్రోమేట్ దాదాపు అయిపోయినట్టు, అర గ్రాముతో మళ్లీ చేయమని అడగండి.

చౌడు నేలలో క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను తింటుంది. క్లోరైడ్ శాతంలో పన్నెండో వంతు కర్బనం ఎక్కువ చూపిస్తుంది. పైన చెప్పిన 1.1 ఈసీ మట్టిలో ఆ తేడా 0.01 కూడా ఉండదు, పట్టించుకోనక్కర్లేదు. ఈసీ 10 ఉన్న పెచ్చులో మాత్రం 0.07 దాకా పోతుంది, 0.5 సరిహద్దులో అది తీర్పే మార్చేస్తుంది.

అభ్యాసం

ఈసారి కష్టమైనదే. ఒకే మట్టిని 1:2.5, 1:5, 1:10 నిష్పత్తుల్లో మూడు గిన్నెల్లో కలపండి. ప్రతి ఈసీని దాని నీటి అంకెతో గుణించండి. 1.1ని 2.5తో గుణిస్తే 2.75, 0.56ని 5తో గుణిస్తే 2.8. మూడు గుణింపులూ దగ్గరగా వస్తే మామూలు ఉప్పు, పై సూత్రం వాడవచ్చు. నీళ్లు పెరిగేకొద్దీ గుణింపు ఎగబాకుతుంటే జిప్సం ఉంది. 1:5 గుణింపు 1:2.5 కంటే పడిపోతే తూకంలోనో, తేమలోనో తప్పు జరిగింది, మళ్లీ చేయండి. చౌడు మచ్చ ఉన్నవారు దీన్ని మూడు లోతులకూ చేసి, అంకెల పక్కన నిష్పత్తి, SP, నమూనా తీసిన తేదీ రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో జిప్సం మోతాదు లెక్క వీటితోనే.