వెళ్లిపోయే ప్రాజెక్టు మేనేజరు అప్పగింత పత్రం: మీ పేరున ఏదీ మిగలకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, మా పక్క బృందంలో జరిగిన సంగతి చూశాక ఇది రాయక తప్పలేదు. సరుకులు ఇంటికి చేర్చే ఒక యాప్‌కు మేనేజరుగా ఉన్నాయన మూడు నెలల నోటీసు పూర్తి చేసి, నలభై పేజీల అప్పగింత పత్రం ఇచ్చి వెళ్లారు. ఆయన వెళ్లిన పదహారో రోజున, వినియోగదారులకు వెళ్లే ఎస్సెమ్మెస్‌లో హెల్ప్‌లైన్ నంబరు మార్చమని క్లయింటు అడిగారు. కొత్త మేనేజరు కోడ్‌లో ఆ ఒక్క నంబరే మార్పించారు. ఆ సాయంత్రం నుంచి డెలివరీ ఓటీపీ ఎవరికీ చేరలేదు. సర్వరు లాగ్‌లో ప్రతి సందేశం పక్కనా submitted అనే కనబడుతుండటంతో, లోపం ఎక్కడుందో తేలడానికే నాలుగు గంటలు పట్టింది. ఎస్సెమ్మెస్ పంపే సంస్థ ఇచ్చే డెలివరీ రిపోర్టు తెరిచాకే, పాఠం టెంప్లేటుతో సరిపోవడం లేదన్న కారణం బయటపడింది.

మన దేశంలో వ్యాపార సంస్థలు పంపే ఎస్సెమ్మెస్ పాఠాలు ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందుగా టెంప్లేట్లుగా నమోదై ఉండాలి. పేరు, ఓటీపీ వంటి మారే చోట్లు తప్ప మిగతా పాఠంలో తేడా వస్తే సందేశం అక్కడే ఆగిపోతుంది. ఆ రాత్రి పాత పాఠాన్నే తిరిగి పెట్టి ఓటీపీలను నడిపించారు గానీ, అందులోని హెల్ప్‌లైన్ నంబరును క్లయింటు అప్పటికే మూసేశారు. కొత్త పాఠం నమోదు చేద్దామని పోర్టల్ తెరిస్తే, లాగిన్ ఓటీపీ వెళ్లిపోయినాయన సొంత ఫోనుకు వెళ్లింది. "అన్నా, మీకిప్పుడు ఒక ఓటీపీ వచ్చి ఉంటుంది, కాస్త చూసి చెప్పండి" అని అడగడానికి రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తే, ఆయన అనంతపురం బస్సులో ఉన్నారు, లైన్ కలవలేదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద లేఖ ఇచ్చి అధీకృత వ్యక్తి పేరు మార్పించుకునేసరికి అయిదు పనిదినాలు గడిచాయి. అయిదు రోజులూ వినియోగదారులు మూసిన నంబరుకే ఫోన్ చేశారు.

ఆ నలభై పేజీల్లో డీఎల్‌టీ ప్రస్తావన లేకపోలేదు. "ఎస్సెమ్మెస్ టెంప్లేట్లన్నీ డీఎల్‌టీలో నమోదై ఉన్నాయి" అని ఉంది. ఆ మాట నిజమే. ఎవరి పేరున, ఏ ఫోను మీద నమోదయ్యాయో మాత్రం లేదు. పద్నాలుగేళ్లలో నేను చూసిన చెడిపోయిన అప్పగింతలన్నిటిలోనూ తప్పు ఇదే: వెళ్లే మనిషి తన పేరున ఉన్నవాటిని తన పేరునే వదిలి వెళ్లడం. ప్రాజెక్టు ప్లాను, రిస్కు జాబితా, బృంద సభ్యుల పేర్లు అందరూ రాస్తారు; వాటి గురించి నేను చెప్పవలసింది లేదు.

మీ పేరున ఏమేమి ఉన్నాయో గుర్తు చేసుకుని రాయకండి, వెతికి రాయండి. మీ ఆఫీసు మెయిల్‌లో గత పదమూడు నెలల మెయిళ్లలో renew, expire, verify, invoice అనే మాటలు వెతకండి. పదమూడు నెలలు ఎందుకంటే, డొమైన్, యాప్ స్టోర్ సభ్యత్వం వంటివాటికి హెచ్చరిక ఏడాదికొక్కసారే వస్తుంది. ఆరు నెలలే వెతికితే సగం దొరకవు. తరువాత మీ ఫోనులోని ఓటీపీ సందేశాలు, ఆపైన మీ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు చూడండి. రీయింబర్స్‌మెంటు వస్తుందిలే అని ఎప్పుడో సొంత కార్డుతో మొదలుపెట్టిన చందా ఒకటి తప్పకుండా తేలుతుంది.

దొరికినదాన్ని ముందు మార్పించండి, తరువాతే పత్రంలో రాయండి. మెయిల్ చిరునామా అంటే బృందపు ఉమ్మడి మెయిల్‌బాక్సు కావాలి, ఫోను అంటే ఆఫీసు సిమ్ కావాలి. ఆ సిమ్ ఎవరి సొరుగులో ఉందో కూడా రాయాలి. పైన చెప్పిన డీఎల్‌టీ వాక్యం ఇలా ఉండి ఉంటే ఎవరికీ ఫోన్ చేయవలసిన పని ఉండేది కాదు: "ఎస్సెమ్మెస్ పాఠంలో ఒక్క అక్షరం మార్చాలన్నా ముందు డీఎల్‌టీ పోర్టల్‌లో కొత్త టెంప్లేటు నమోదు చేసి, ఆమోదం వచ్చాకే కోడ్ మార్చాలి. లాగిన్ ఓటీపీ అడ్మిన్ విభాగం దగ్గరున్న ఆఫీసు ఫోనుకు వస్తుంది. అధీకృత వ్యక్తి పేరు మార్పు పూర్తయింది, లేఖ ప్రతి ఒప్పందాల ఫోల్డరులో ఉంది."

మెయిల్‌లో దొరకనివి కూడా ఉన్నాయి. మీ ఐడీతో సృష్టించిన టోకెన్లు, మీ ఐడీ మీద రాత్రి పూట నడిచే జాబులు మీ ఖాతా మూసేంతవరకూ చప్పుడు చేయవు. అందుకే చివరి రోజుకు పదిహేను రోజుల ముందు, నెలాఖరు కాని ఒక బుధవారం, మీ ఐడీని ఒక రోజు నిలిపివేయమని ఐటీ వారిని అడగండి. ఏది ఆగితే అది మీ పేరున ఉన్నట్లే. నెలకొకసారి నడిచేవి ఆ ఒక్క రోజులో బయటపడవు కనుక, షెడ్యూలరు తెరిచి యజమాని స్థానంలో మీ ఐడీ ఎక్కడెక్కడుందో విడిగా చూడాలి.

వెబ్‌సైట్ల సర్టిఫికెట్లను గడువు తేదీతో సహా రాయండి. ఆ తేదీని పాత ఫైలులోంచి ఎత్తి రాయకుండా సర్వరునే అడగండి:

```
echo | openssl s_client -connect example.com:443 \
  -servername example.com 2>/dev/null \
  | openssl x509 -noout -enddate
```

ఒకప్పుడు ఏడాదికి పైగా నిశ్చింతగా ఉండేది. 398 రోజులున్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యేవాటికి 200 రోజులకు తగ్గుతుందని, 2029 మార్చి 15 నాటికి 47 రోజులకు దిగుతుందని నిర్ణయమైపోయింది. మీ తరువాత వచ్చేవారికి ఈ పని మీకన్నా ఎన్నో రెట్లు తరచుగా పడుతుంది. మూసేసిన మీ మెయిల్‌బాక్సుకు హెచ్చరిక వెళ్తే వారికి తెలిసే దారి లేదు.

ఇక మిగిలినవి.

పాస్‌వర్డులు పత్రంలో రాయకండి. ఏ వాల్టులో ఉన్నాయో, అనుమతి ఎవరిస్తారో రాయండి.

క్లయింటుకు ఫోనులో నోటిమాటగా ఒప్పుకున్నవి తేదీతో రాయండి. వాటిని మెయిల్‌లో ఖాయం చేయించి, ఆ మెయిల్ ఎక్కడుందో చెప్పండి.

వింతగా కనిపించే ప్రతి అమరిక పక్కనా కారణం రాయండి. "ఈ జాబు 2:30కే నడవాలి, బ్యాంకు ఫైలు 2:15కు వస్తుంది" అని లేకపోతే, కొత్తవారు మంచి ఉద్దేశంతోనే దాన్ని రెండు గంటలకు జరుపుతారు.

"వివరాలకు ఫలానా వారిని అడగండి" అనే వాక్యం కనబడితే కొట్టేయండి. ఆ ఫలానా వారిని మీరే అడిగి, జవాబు రాయండి.

చివరి వారం కొత్త మేనేజరును పత్రం మాత్రమే చూసి పని చేయమనండి. ఆయన అడిగిన ప్రశ్నకు నోటితో జవాబు చెప్పకండి, పత్రంలో చేర్చండి.

పాత ఉద్యోగి ఫోనుకు వచ్చే ఓటీపీతో పని నడుపుకోవడం ఏర్పాటు కాదు. వెళ్లిపోయిన మనిషి చేతిలో తాళం ఉంచడం అది. వద్దు.

మీ పేరున ఉన్నవి మీ పేరునే వదలకండి. చివరి సాయంత్రం యాక్సెస్ కార్డు తిరిగి ఇచ్చే ముందు, కొత్త మేనేజరు చేత డీఎల్‌టీ, డొమైన్, యాప్ స్టోర్ ఖాతాల్లోకి మీ ఎదుటే లాగిన్ చేయించండి. ఏ ఒక్క ఓటీపీ మీ ఫోనుకు వచ్చినా, అది మార్పించేదాకా కార్డు ఇవ్వకండి.