బతుకమ్మ తేదీలు లెక్కగట్టడం ఎలా? పెత్రమాస నుంచి సద్దుల దాకా, అక్కడి నుంచి దసరాకు

సద్దుల బతుకమ్మ ఏ రోజని అడిగితే చాలామంది క్యాలెండర్‌లో దసరా చూసి, అక్కడి నుంచి రెండు రోజులు వెనక్కి లెక్కపెడతారు. కొన్నేళ్లు ఇది కుదురుతుంది. కుదిరిన ఏళ్ల వల్లే అలవాటు బలపడింది. కుదరని ఏడు మాత్రం వాడకట్టులో సగం మంది ఒకరోజు, మిగతా సగం మంది మరుసటి రోజు చెరువుకు పోతారు. బతుకమ్మను ముందు నుంచి, అంటే పెద్దల అమావాస్య అయిన పెత్రమాస నుంచి లెక్కపెట్టాలి. దసరా తేదీ దాని లెక్క ప్రకారం అది వస్తుంది.

కావలసినవి: ఒక పంచాంగం, ఒక పెన్సిలు. గోడ క్యాలెండర్ ఒక్కటే సరిపోదు. అందులో పండుగ పేరు ఉంటుంది గానీ తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చాలాసార్లు ఉండదు. ఇంట్లో రెండు పంచాంగాలుంటే ఒకదాన్నే పట్టుకోండి. దృక్ పద్ధతికీ పాత పద్ధతికీ తిథి ముగిసే వేళల్లో తేడా వస్తుంది. అమావాస్య ఒకదాంట్లో, అష్టమి ఇంకోదాంట్లో చూస్తే లెక్క ఎక్కడా తేలదు. కింద ఇచ్చిన వేళలన్నీ దృక్ పద్ధతివి.

పంచాంగం చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయం దాకా నడుస్తుంది. సెప్టెంబర్ 21 ఎదురుగా ‘అమావాస్య రా.1.23’ అని ఉంటే, అది మన గడియారం లెక్కన 22వ తేదీ అర్ధరాత్రి దాటాక 1.23. దీన్ని 21వ తేదీ తెల్లవారకముందే అయిపోయిందనుకుంటే మొదటి అడుగులోనే ఒక రోజు తప్పుతుంది.

మొదటి మెట్టు: పెత్రమాస

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా పెద్దల పక్షం. ఎవరి తిథి నాడు వాళ్లకు పెట్టుకోవడం పద్ధతి. తిథి తెలియనివాళ్లకు, ఆ పదిహేను రోజుల్లో పెట్టుకోలేకపోయినవాళ్లకు చివరి అమావాస్య ఉంది. మనవైపు ఇళ్లలో బియ్యం, పప్పు, కూరగాయలు పెద్దల పేరు మీద ఇచ్చేది ఆ రోజే. ఆ పని మధ్యాహ్నం వేళది కాబట్టి, మధ్యాహ్నం తర్వాతి భాగంలో అమావాస్య ఉన్న రోజే పెత్రమాస. పగలు పెద్దల పని, పొద్దుగూకాక ఎంగిలిపూల బతుకమ్మ. రెండూ ఒకే రోజు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. బతుకమ్మ ఆడేది సాయంత్రం కాబట్టి సాయంత్రం అమావాస్య ఉండాలని కొందరు పట్టుబడతారు. 2021లో అమావాస్య అక్టోబర్ 5 సాయంత్రం 7.04కు మొదలై 6వ తేదీ సాయంత్రం 4.34కు ముగిసింది. సాయంత్రాన్నే చూస్తే 5వ తేదీ అనాలి. కానీ 5న మధ్యాహ్నం ఇంకా చతుర్దశే. పెద్దల పని 6నే, కాబట్టి ఎంగిలిపూలు కూడా 6నే. ఆడే వేళకు పాడ్యమి వచ్చేసినా ఫరవాలేదు. మొదటి బతుకమ్మ పెద్దల అమావాస్య వెంట నడుస్తుంది, గడియారం వెంట కాదు.

చాలా ఇళ్లలో ఎంగిలిపూలకు తంగేడు, గునుగు ముందు రోజే తెచ్చి నీళ్లు చల్లి పెట్టుకుంటారు. అందుకే ఈ తేదీ ఒక రోజు ముందే ఖాయం కావాలి. పెత్రమాస పొద్దున తేల్చుకుందామంటే పూలకు ఆలస్యమవుతుంది.

రెండో మెట్టు: తొమ్మిది సాయంత్రాలు

ఇది తేలిక. పెత్రమాసను ఒకటిగా పెట్టి వేళ్ల మీద తొమ్మిది లెక్కపెట్టాలి. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. అలిగిన రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. కానీ ఆ రోజు లెక్కలో ఉంటుంది. ఆడలేదు కదా అని దాన్ని వదిలేసి లెక్కపెట్టేవాళ్లకు సద్దులు ఒక రోజు ఆలస్యమవుతుంది.

2024లో పెత్రమాస అక్టోబర్ 2. తొమ్మిదో రోజు అక్టోబర్ 10. ఆ రోజు మధ్యాహ్నం 12.31కి అష్టమి వచ్చి మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది. తొమ్మిదో రోజూ అష్టమీ కలిశాయి, ఏ గొడవా లేదు.

మూడో మెట్టు: తొమ్మిదో రోజూ అష్టమీ విడిపోతే

అసలు చిక్కంతా ఇక్కడే. సద్దులకు రెండు గుర్తులు చెబుతారు. ఒకటి తొమ్మిదో రోజు, రెండోది ఆశ్వయుజ శుద్ధ అష్టమి. అమావాస్య ఒకటి, పాడ్యమి రెండు, అలా పోతే అష్టమి తొమ్మిది. కాగితం మీద రెండూ ఒకటే. కానీ తిథి ఇరవై నాలుగు గంటలు ఉండదు. ఒక్కోసారి సుమారు ఇరవై గంటలకే అయిపోతుంది, ఒక్కోసారి ఇరవై ఆరు దాటుతుంది. క్యాలెండర్లు సూర్యోదయానికి ఏ తిథి ఉందో దాన్నే ఆ రోజు తిథిగా వేస్తాయి. దాంతో పొట్టి తిథి రెండు సూర్యోదయాల మధ్య ఇరుక్కొని కనబడకుండా పోతుంది. పొడుగు తిథి రెండు సూర్యోదయాలను తాకి రెండు రోజులు కనబడుతుంది.

2025 పొడుగు ఏడు. పెత్రమాస సెప్టెంబర్ 21. తదియ 24న తెల్లవారుజామున 4.51కి మొదలై 25న పొద్దున 7.06 దాకా సాగింది. అంటే 24 సూర్యోదయానికీ తదియే, 25 సూర్యోదయానికీ తదియే. అక్కడి నుంచి క్యాలెండర్ తిథులన్నీ ఒక రోజు వెనకబడ్డాయి. వేళ్ల మీద లెక్కపెడితే తొమ్మిదో రోజు 29. సూర్యోదయ అష్టమి చూస్తే 30. పది రోజుల బతుకమ్మ అయింది! ఆ ఏడు 29 అని కొందరు, 30 అని కొందరు ఆడింది అందుకే.

అష్టమి వేళలు చూస్తే విషయం తేటపడుతుంది. అది 29న సాయంత్రం 4.31కి వచ్చింది, 30న సాయంత్రం 6.06కి పోయింది. 29న బతుకమ్మ ఎత్తుకొని గుడి దగ్గరికి పోయే వేళకు అష్టమి ఉంది, నిమజ్జనం చేసేటప్పుడూ ఉంది. 30న ఆట సగంలో ఉండగానే నవమి వచ్చేసింది. తొమ్మిదో రోజూ 29నే, సాయంత్రం అష్టమీ 29నే. కాబట్టి 29 సరైనది. 30 అన్నవాళ్లు చూసింది సూర్యోదయాన్ని, దానికి తోడు దసరాకు ముందు ఒక్క రోజే ఎడం ఉండాలన్న అలవాటును.

2021 దీనికి తలకిందులు. పెత్రమాస అక్టోబర్ 6. 9న పొద్దున 7.48కి చవితి వచ్చి, 10న తెల్లవారుజామున 4.55కే అయిపోయింది. ఏ సూర్యోదయాన్నీ తాకలేదు. అష్టమి 13న రాత్రి 8.07కు ముగిసింది. తిథి చూస్తే సద్దులు 13, రోజులు లెక్కపెడితే 14. అష్టమి 14ను అసలు తాకనే లేదు. ఇలాంటి ఏడాదిలో రెండు గుర్తుల్లో ఒకదాన్ని వదులుకోక తప్పదు.

వదలాల్సింది అష్టమినే. తొమ్మిది సాయంత్రాలు తగ్గొద్దు, పెరగొద్దు. కారణం ఉంది. బతుకమ్మలో నైవేద్యం రోజు వరుసకు కట్టి ఉంది. నాలుగో రోజు నానబియ్యం అంటారు గానీ తదియ నానబియ్యం అని ఎవరూ అనరు. తిథిని పట్టుకొని ఎనిమిది రోజులకు కుదిస్తే ఒక నైవేద్యం పోవాలి. ఏది తీసేస్తారు? పది రోజులకు సాగదీస్తే ఒకటి రెండుసార్లు పెట్టాలి. వెన్నముద్దలు రెండు రోజులు పెట్టి సర్దుకోవడం సర్దుబాటే అవుతుంది గానీ లెక్క కాదు. రోజులు లెక్కపెట్టే పద్ధతిలో ఈ ఇబ్బంది ఏ ఏడూ రాదు.

ఒక్క మినహాయింపు. ఊరు ఊరంతా, గుడి దగ్గర మాట్లాడుకొని వేరే రోజు ఖాయం చేస్తే ఆ రోజే పోవాలి. హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గరైనా, పద్మాక్షి గుట్ట కింద చెరువు దగ్గరైనా సద్దులు పదిమందితో కలిసి ఆడేది. మీ లెక్క సరైనదని ఒక్క ఇంటివాళ్లు ముందురోజు పోతే అది బతుకమ్మ ఆట అనిపించుకోదు. కాకపోతే ఆ మాట పెత్రమాసకు ముందే అందరికీ చెప్పించండి. అత్తగారింటి నుంచి వచ్చే ఆడబిడ్డలు బస్సు, సెలవు అన్నీ దాన్నిబట్టే చూసుకుంటారు. వేములవాడలో ఏడో రోజే సద్దులు చేస్తారు. అది అక్కడి ఆనవాయితీ, దాన్ని ఈ లెక్కలోకి తీసుకురాకూడదు.

నాలుగో మెట్టు: దసరా

దసరాకు సూర్యోదయం చూడరు. మధ్యాహ్నం తర్వాతి భాగంలో, అంటే పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగో భాగంలో దశమి ఉండాలి. ఆ రోజుల్లో అది సుమారుగా ఒంటిగంటం పావు నుంచి మూడున్నర దాకా. జమ్మి పూజ, ఊరు దాటడం ఆ తర్వాతి వేళ పనులు. 2024లో దశమి అక్టోబర్ 12న పొద్దున 10.58కి వచ్చి 13న పొద్దున 9.08కి పోయింది. 13న సూర్యోదయానికి దశమి ఉన్నా మధ్యాహ్నానికి లేదు. దసరా 12నే జరిగింది.

ఇప్పుడు మూడేళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో సద్దులకూ దసరాకూ మధ్య ఒక్క రోజు. 2025లో 29 నుంచి అక్టోబర్ 2కు, మధ్యలో రెండు రోజులు. 2021లో 14న సద్దులు, 15న దసరా, మధ్యలో ఒక్క రోజూ లేదు. పెత్రమాసను మధ్యాహ్నపు అమావాస్య తేలుస్తుంది, దసరాను మధ్యాహ్నపు దశమి తేలుస్తుంది, సద్దులను వేళ్ల లెక్క తేలుస్తుంది. దసరా నుంచి వెనక్కి లెక్కపెడితే ఎందుకు తప్పుతుందో ఇదే కారణం.

అధిక ఆశ్వయుజం వచ్చిన ఏడు ఈ లెక్క ఒక్కటే చాలదు. 2020లో పెత్రమాస సెప్టెంబర్ 17న వస్తే, మర్నాడు మొదలైంది అధిక మాసం. దసరా నవరాత్రులు మొదలయ్యే నిజ ఆశ్వయుజ పాడ్యమి అక్టోబర్ 17న గానీ రాలేదు. అలాంటప్పుడు ఎంగిలిపూలు పెద్దల అమావాస్య నాడే ఆడి, ఒకటి లెక్కవేసుకొని ఆగాలి. అటుకుల బతుకమ్మతో రెండో రోజు నిజ పాడ్యమి నాడు ఎత్తుకోవాలి. అలా సద్దులు అక్టోబర్ 24న, దసరా 25న వచ్చాయి. పండుగ మొత్తాన్ని ఆ అమావాస్య పక్కనే ముగిస్తే సద్దులు దసరాకు నెల దూరంలో పడేవి.

2026కు ఇదే లెక్క వేసి చూసుకోండి. అధిక మాసం జ్యేష్ఠంలో వచ్చింది కాబట్టి పండుగలు ఆలస్యమయ్యాయి గానీ పెత్రమాసకూ పాడ్యమికీ మధ్య ఎడం లేదు. అమావాస్య అక్టోబర్ 9 రాత్రి వచ్చి 10 రాత్రి దాకా ఉంటుంది, మధ్యాహ్నం దొరికేది 10న, శనివారం. పూలు 9న తెచ్చుకోవాలి. తొమ్మిదో రోజు 18, ఆదివారం. ఆ రోజు పొద్దున్నే అష్టమి వస్తుంది, సాయంత్రానికీ ఉంటుంది. క్యాలెండర్‌లో దుర్గాష్టమి 19 అని కనబడుతుంది, దాన్ని చూసి సద్దులను 19కి మార్చకండి. దశమి 20న మధ్యాహ్నం వస్తుంది, దసరా మంగళవారం.